కీమో తర్వాత నోటి పుండ్లు: ఐసు ముక్కలు ఎప్పుడు పెట్టాలి, ఏం తినిపించాలి?

వాసు_తెనాలి
అందరికీ నమస్కారం. అమ్మకి 58 ఏళ్ళు, పెద్దపేగు కాన్సర్, లివర్‌కి పాకింది. మొదటి కీమో అయి ఇవాళ్టికి 9వ రోజు. ఆరో రోజు నుంచి నోరు మంటగా ఉందంటోంది. నాలుక అంచుల్లో, కింది పెదవి లోపల ఎర్రగా ఒరుసుకుపోయి, మధ్యలో తెల్లగా నాలుగు పుండ్లు లేచాయి. మింగితే గొంతులో గుచ్చుకుంటోందట. అన్నం ముట్టట్లేదు, జావ తాగుతోంది. కీమో అప్పుడు నోట్లో ఐసు ముక్కలు పెట్టుకుంటే పుండ్లు రావని మా బంధువులు చెప్పారు. రెండో సైకిల్ 15వ రోజున. ఐసు నిజంగా పని చేస్తుందా? ఇప్పుడున్న పుండ్లకి ఇంట్లో ఏం చెయ్యాలి?

రమేశ్_కరీంనగర్
పని చేస్తది అన్నా, గట్టిగా చెప్తున్న. ఏ కీమో అయినా సరే, సెలైన్ ఎక్కుతున్నంత సేపు నోట్లో ఐసు ఉంచాలె. ఇంటికొచ్చినంక కూడా మూడు రోజులు చల్లటివే ఇయ్యుండ్రి. ఐస్‌క్రీమ్, ఫ్రిజ్ నీళ్ళు, ఐసు గడ్డ, ఏదైనా మంచిదే.

శ్యామల_డేకేర్
రమేశ్ గారూ, ఐసు పని చేస్తుందన్న మాట నిజమే. "ఏ కీమో అయినా" అన్న చోటే ప్రమాదం ఉంది. వాసు గారూ, ముందు డిశ్చార్జి కాగితం తీసి మందుల పేర్లు చూడండి. ఆగ్జాలిప్లాటిన్ అని ఉంటే ఐసు పెట్టకండి.

పెద్దపేగు కాన్సర్‌కి చాలామందికి ఆ మందు ఇస్తారు. అది ఎక్కిన రోజు నుంచి కొన్ని రోజుల పాటు చల్లదనం తగిలితే నరాలు జివ్వుమంటాయి. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్ళు షాక్ కొట్టినట్టు అవుతాయి. చల్లటి నీళ్ళు మింగితే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. అలాంటి మనిషి నోట్లో అరగంట ఐసు పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ మందు పడుతున్న వాళ్ళకి గోరువెచ్చటి నీళ్ళే ఇవ్వాలి.

కాగితంలో ఏముందో రాయండి, తర్వాత మాట్లాడుకుందాం. ఈలోగా ఒక ప్రశ్న. అమ్మగారికి జ్వరం ఉందా? విరేచనాలు అవుతున్నాయా?

వాసు_తెనాలి
జ్వరం చూడలేదండీ, ఒళ్ళు కాస్త వెచ్చగానే ఉంది. నిన్న నాలుగు సార్లు పల్చగా వెళ్ళింది. నొప్పికి పారాసెటమాల్ వేస్తున్నాం.
కాగితంలో ఉన్నవి: ఐరినోటెకాన్, ల్యూకోవోరిన్, ఫ్లోరోయురాసిల్ 640 మి.గ్రా. బోలస్, ఫ్లోరోయురాసిల్ 3840 మి.గ్రా. పంపు 46 గంటలు. ఆగ్జాలిప్లాటిన్ లేదు.

శ్యామల_డేకేర్
వాసు గారూ, ఐసు సంగతి ఆగుతుంది. మొదట థర్మామీటర్ పెట్టండి, పారాసెటమాల్ వేసే ముందు పెట్టండి. మాత్ర వేశాక చూస్తే జ్వరం అణిగి మామూలుగా కనిపిస్తుంది, మనం మోసపోతాం. 7 నుంచి 14వ రోజు మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. నోట్లో పుండంటే సూక్ష్మజీవులకి తలుపు తెరిచి పెట్టినట్టే. 100.4 ఫారెన్‌హీట్ దాటితే తెల్లవారే దాకా ఆగకుండా, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రెండోది, నోటి పుండ్లూ విరేచనాలూ ఒకేసారి రావడం. నోటి లోపలి పొర లాంటిదే పేగు లోపలా ఉంటుంది, ఫ్లోరోయురాసిల్ రెండిటినీ కొడుతుంది. పైగా ఐరినోటెకాన్ విడిగానే విరేచనాలు తెస్తుంది. మొదటి సైకిల్‌కే ఇలా రెండూ కలిసి వస్తే డాక్టరుకి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి, 15వ రోజు దాకా దాచకండి. కొందరి ఒంట్లో ఈ మందుని విరగ్గొట్టే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ ఉంటుంది. వాళ్ళలో పుండ్లు, విరేచనాలు, కణాలు పడిపోవడం మూడూ ముందుగా, తీవ్రంగా వస్తాయి. అమ్మగారికి అదేనని నేను అనడం లేదు. ఆ మాట తేల్చాల్సింది డాక్టరు, ఒక రక్త పరీక్షతో మొదలవుతుంది.

వాసు_తెనాలి
99.2 ఉంది, మాత్ర వెయ్యకముందు. డాక్టరు గారికి ఫోన్ చేశాం. సాయంత్రం రక్త పరీక్ష చేయించి రిపోర్టు పంపమన్నారు, విరేచనాలకి మాత్రలు చెప్పారు. ఉప్పు నీళ్ళతో పుక్కిలించమన్నారు గానీ ఎంత ఉప్పో అడగడం మరిచిపోయా.

సుధ_పళ్ళడాక్టర్
నేను చెప్తాను. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు. అందులో ఉప్పు ఒక టీ స్పూను, వంట సోడా ఒక టీ స్పూను. స్పూను గోపురంలా కాకుండా కత్తితో చదును చేసి కొలవాలి. ఇడ్లీ పిండిలో వేసే తినే సోడానే వంట సోడా. బేకింగ్ పౌడర్ వేరు, అందులో పులుపు ఉప్పులు కలిసి ఉంటాయి, అది వద్దు. కడుపు ఉబ్బరానికి కలుపుకునే పొంగే పొడి కూడా అంతే. బట్టలు ఉతికే సోడా అసలే వద్దు, అది నోరు కాల్చేస్తుంది.

ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోండి. రాత్రికి మిగిలితే పారబొయ్యాలి. ఒక గుక్కెడు నోట్లో పోసుకుని అర నిమిషం బుగ్గలకీ చిగుళ్ళకీ తగిలేలా మెల్లగా కదిలించాలి. తల వెనక్కి వంచి గొంతు దాకా గులగులలాడించి ఉమ్మెయ్యాలి, మింగకూడదు. తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, వాంతి అయితే వెంటనే చెయ్యాలి. పుండ్లు ఎక్కువగా ఉన్న ఈ రోజుల్లో మెలకువగా ఉన్నంత సేపు రెండు గంటలకోసారి చేసినా తప్పు లేదు. ఉప్పుకి మంట పుడితే ఉప్పు తీసేసి ఒట్టి సోడాతో చెయ్యండి. మంట భరించలేక అసలు మానెయ్యడం కన్నా అదే నయం.

ఇది పుండుని మాన్పే మందు కాదు. నోట్లో పేరుకున్న చిక్కటి ఉమ్మినీ మెతుకులనీ కడిగేస్తుంది, పులుపుని విరుస్తుంది. మానడం ఒంట్లో కణాలు మళ్ళీ లేస్తేనే, సాధారణంగా రెండు మూడు వారాల్లో.

రమేశ్_కరీంనగర్
మెడికల్ షాపుల దొరికే నోరు కడిగే మందు కొంటే అయిపోతది గద, ఈ కొలతలన్నీ ఎందుకు?

సుధ_పళ్ళడాక్టర్
వాటిలో చాలా వాటికి ఆల్కహాల్, ఘాటైన పుదీనా కలుపుతారు. పుండు మీద పడితే మనిషి ఎగిరి పడతాడు, పైగా నోరు ఇంకా ఎండిపోతుంది. చిగుళ్ళ జబ్బుకి మేము రాసే క్లోర్‌హెక్సిడిన్‌ని కూడా ఈ పుండ్లు రాకుండా ఆపడానికి వాడమని మార్గదర్శకాలు చెప్పవు. అందుకే మా వైపు నుంచి ఉప్పూ సోడానే.

బ్రష్ మాత్రం మాన్పించకండి. అందరూ ముందు మానేసేది దాన్నే, అక్కడే పాచి పెరిగి పుండులోకి చేరుతుంది. పిల్లల మెత్తటి బ్రష్ కొని, వాడే ముందు వేడి నీళ్ళలో ఒక నిమిషం ముంచితే కుచ్చు ఇంకా మెత్తబడుతుంది. పేస్టు మండితే సోడా నీళ్ళలో ముంచి తోమండి. చిగుళ్ళ నుంచి రక్తం ఆగకుండా కారుతుంటే బ్రష్ ఆపి, తడి గాజుగుడ్డ వేలికి చుట్టి తుడవండి. ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయో ఆరోజే డాక్టరుని అడగండి. అమ్మగారికి కట్టుడు పళ్ళున్నాయా?

వాసు_తెనాలి
పైన సెట్ ఉంది మేడమ్. రోజంతా పెట్టుకునే ఉంటుంది, నలుగురి ముందూ తియ్యడానికి సిగ్గు.

సుధ_పళ్ళడాక్టర్
తినేటప్పుడు మాత్రమే పెట్టుకోమనండి, నొప్పిగా ఉంటే అప్పుడు కూడా వద్దు. పుండు మానే దాకా జావ తాగడానికి పళ్ళెందుకు? తీసి పెట్టినప్పుడు బ్రష్‌తో రుద్ది, మూత ఉన్న గిన్నెలో నీళ్ళలో ఉంచండి. ఆ నీళ్ళు రోజూ మార్చాలి. బుగ్గల మీద, అంగిలి మీద పెరుగు మీగడలా తెల్లటి పొర కట్టి, గుడ్డతో తుడిస్తే ఊడొచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది ఫంగస్. పళ్ళ సెట్ కింద అది ఎక్కువ. దానికి ఉప్పు నీళ్ళు చాలవు, డాక్టరు ఫంగస్ మందు రాయాలి. తుడిచినా రాని తెల్లదనం మామూలు పుండు మీది పొర, దాన్ని గోకకండి.

ఇమ్రాన్_కర్నూలు
అస్సలాము అలైకుమ్. మా అన్నకి బుగ్గ కాన్సర్, రేడియేషన్ నాలుగో వారం నడుస్తోంది. నోరంతా పుండు. అయితే రోజూ రేడియేషన్ గదిలోకి వెళ్ళే ముందు అరగంట ఐసు పెట్టమంటారా?

శ్యామల_డేకేర్
వాలేకుం సలామ్ ఇమ్రాన్ గారూ. వాసు గారి అమ్మగారిది వేరు, మీ అన్నగారిది వేరు. ఇక్కడ ఐసు చేసే పని రక్తనాళాలని ముడుచుకునేలా చెయ్యడం. నోటికి రక్తం తగ్గితే రక్తంలో ఉన్న మందూ నోటికి తక్కువ చేరుతుంది. రేడియేషన్ కిరణం రక్తంలో రాదు, నేరుగా తగులుతుంది, కాబట్టి ఈ లెక్క అక్కడికి వర్తించదు. తల, మెడ రేడియేషన్‌కి బెంజిడమిన్ అనే పుక్కిలింత మందు ఉంది, ముందు నుంచే వాడితే కొందరికి ఉపయోగం. మీ రేడియేషన్ డాక్టరుని దాని గురించి అడగండి. సుధ గారు చెప్పిన ఉప్పు సోడా నీళ్ళు, బ్రష్ మాత్రం మీకూ పనికొస్తాయి. వీలైతే మీరు వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

ఇక వాసు గారి ఐసు. కాగితంలో ఫ్లోరోయురాసిల్ రెండు సార్లు ఉంది చూశారా. 640 మి.గ్రా. అన్నది సిరంజితో కొద్ది నిమిషాల్లో ఒక్కసారిగా ఎక్కించే మందు. 3840 అన్నది పంపులో 46 గంటలు మెల్లగా దిగేది. ఐసు పనికొచ్చేది ఆ మొదటి దానికే. అలా ఒక్కసారిగా ఎక్కిన మందు రక్తంలో పది, పదిహేను నిమిషాలకి సగానికి సగం తగ్గిపోతుంది. కాబట్టి ఆ కొద్దిసేపు నోటిని చల్లగా ఉంచగలిగితే చాలు. 1991లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు ఈ పద్ధతినే పరీక్షించి చూపించారు. సిరంజి వెయ్యడానికి 5 నిమిషాల ముందు మొదలుపెట్టి మొత్తం 30 నిమిషాలు.

ఐరినోటెకాన్, ల్యూకోవోరిన్ సెలైన్లు ఎక్కుతున్న గంటన్నర, రెండు గంటలూ ఐసు అక్కర్లేదు. చాలామంది అప్పుడే మొదలుపెట్టి, అసలు సిరంజి వచ్చేసరికి నోరు తిమ్మిరెక్కి విసిగిపోయి ఉమ్మేస్తారు. పొద్దున్నే నర్సుకి చెప్పి ఉంచండి: "అమ్మా, 5 ఎఫ్‌యూ బోలస్ వేసే ముందు ఐదు నిమిషాలు ముందుగా చెప్పండి" అని. 5 ఎఫ్‌యూ అంటే ఫ్లోరోయురాసిలే, బోలస్ అంటే ఆ సిరంజి మందు. రద్దీలో మర్చిపోతారు, మందు చేతిలో పట్టుకుని రాగానే మళ్ళీ గుర్తుచెయ్యండి.

వాసు_తెనాలి
ఐసు ఎక్కడిది తేవాలండీ? ఆసుపత్రి బయట జ్యూస్ బండి దగ్గర దొరుకుతుంది.

శ్యామల_డేకేర్
బండి ఐసు వద్దే వద్దు. గడ్డ ఐసు ఏ నీళ్ళతో చేశారో తెలియదు, కణాలు పడిపోయే మనిషికి అది కొత్త జబ్బు. కాచి చల్లార్చిన నీళ్ళు ఇంట్లో ట్రేలో పోసి గడ్డకట్టించండి. పొద్దున బయల్దేరే ముందు శుభ్రమైన గుడ్డలో మూటకట్టి అప్పడాల కర్రతో దంచి, వెడల్పు మూతి ఉన్న అర లీటరు థర్మాస్‌లో నింపండి. థర్మాస్‌ని ముందు రాత్రి ఫ్రిజ్‌లో పెడితే ముక్కలు మధ్యాహ్నం దాకా ఆగుతాయి.

ముక్కలు శనగ గింజంత ఉండాలి. పెద్ద ముక్క ఒక బుగ్గలో కూర్చుంటుంది, నోరంతా చల్లబడదు. దంచినప్పుడు అంచులు కత్తిలా ఉంటాయి కదా, అందుకని కప్పులోకి తీసి ఒక చెంచా నీళ్ళు పొయ్యండి, అంచులు కరిగి నున్నగా అవుతాయి. ఒక స్పూనుడు నోట్లో వేసుకుని నాలుకతో తిప్పుతూ ఉండాలి. నాలుక కిందకి, పెదవి లోపలికి, రెండు బుగ్గలకీ చేర్చాలి. పూర్తిగా కరిగిపోక ముందే తర్వాతి స్పూను. మధ్యలో నోరు వెచ్చబడితే ఆ నిమిషాలు వృథా. కట్టుడు పళ్ళు తీసెయ్యాలి, దాని కింద అంగిలి చల్లబడదు. కరకర నమలకూడదు. తల పోటు వచ్చినా, పళ్ళు జివ్వుమన్నా ఒక నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

ఒక పరిమితి ముందే చెప్తాను, తర్వాత నిరాశపడకండి. పంపు మందు 46 గంటలు నడుస్తుంది, దానికి ఐసు అడ్డం పడలేదు. అందుకని పుండ్లు అసలే రావన్న భరోసా లేదు, తగ్గొచ్చు. ఇప్పుడున్న పుండ్లకి ఐసు ముక్క చప్పరిస్తే కాసేపు తిమ్మిరెక్కి హాయిగా ఉంటుంది, మానదు.

రమేశ్_కరీంనగర్
ఆగ్జాలిప్లాటిన్ ముచ్చట నాకు తెల్వది. మా బాబాయికి రొమ్ముకి ఇచ్చే ఎర్ర మందు లాంటిదే ఏదో ఎక్కిస్తరు, దానికీ ఐసు పెడుతున్నం. తప్పా?

శ్యామల_డేకేర్
ఎర్ర మందు అంటే డాక్సోరూబిసిన్ అయి ఉంటుంది. దానికీ పుండ్లు వస్తాయి. ఐసుతో ఉపయోగం ఉందని కొందరు డాక్టర్లు పెట్టిస్తారు, కొందరు ఆధారం చాలదంటారు. హాని పెద్దగా లేదు. నేనైతే డాక్టరుని అడిగి పెడతాను. కాగితంలో పేరు చూసుకోవడం మాత్రం మర్చిపోకండి.

పద్మజ_వంటిల్లు
తిండి సంగతి నేను రాస్తాను, ఆసుపత్రి ఆహార విభాగంలో పని. అమ్మగారు జావ తాగుతున్నారు, మంచిదే. కానీ రాగి జావలో బలం అనుకున్నంత ఉండదు, అదొక్కటే ఇస్తే మనిషి బరువు తగ్గిపోతుంది. విరేచనాలు అవుతున్నన్ని రోజులు పాలు తగ్గించండి, ఆగాక కింద చెప్పినవి మొదలుపెట్టండి.

రాగి జావ: రెండు పెద్ద స్పూన్ల పిండి అర గ్లాసు చల్లటి నీళ్ళలో ముందు కలపండి. మరిగే గ్లాసున్నర నీళ్ళలో పోసి పది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. వేడి నీళ్ళలో పిండి నేరుగా పోస్తే ఉండ కడుతుంది, ఆ ఉండే గొంతులో గీసుకుంటుంది. సన్న జల్లెడలో వడకట్టి, పాలపొడి రెండు స్పూన్లు, నెయ్యి ఒక స్పూను కలిపి, గోరువెచ్చగా ఇవ్వండి.

మెత్తటి పులగం: బియ్యం ఒక కప్పు, పెసరపప్పు ఒక కప్పు, నీళ్ళు ఆరు కప్పులు. ఆరు కూతలు రానిచ్చి పప్పు గుత్తితో మెదపండి. మిరియాలు, పచ్చిమిర్చి, అల్లం వద్దు. జీలకర్ర గింజగా వెయ్యకండి, మెత్తగా కనిపించే ముద్దలో ఆ గింజే పుండులో ఇరుక్కుంటుంది. వేయించి పొడి చేసి చిటికెడు. పొట్లకాయ, సొరకాయ ఉడికించి మెదిపి కలపొచ్చు.

గుడ్డు: ఒక గుడ్డు గిలక్కొట్టి, దానికి రెట్టింపు పాలు కలిపి, గిన్నెకి మూత పెట్టి ఇడ్లీ పాత్రలో పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టండి. జున్నులా వస్తుంది, నమలక్కర్లేదు. మధ్యలో పచ్చిగా ఉండకూడదు, పూర్తిగా ఉడకాలి.

ఇడ్లీ అయితే పాలలో నానబెట్టి ఇవ్వండి, రవ్వ పొడిగా తగిలితే గీసుకుంటుంది. ఆవకాయ నూనె చుక్క, చింతపండు చారు, టమాటా, నిమ్మ, పొగలు కక్కే కాఫీ, వేపుడు, జంతిక: ఇవి రెండు వారాలు ఇంట్లో ఎవరికి చేసినా ఆవిడ గిన్నెకి దూరం.

పెరుగు గురించి మాలో మాకే ఒప్పందం లేదు. కొన్ని ఆసుపత్రులు కణాలు తక్కువ ఉన్న రోజుల్లో వద్దంటాయి, కొన్ని పాశ్చరైజ్డ్ పాలతో తోడుపెట్టిన తాజా పెరుగు ఇవ్వచ్చంటాయి. మీ డాక్టరు మాటే వినండి. ఇచ్చినా పులవని పెరుగే, పులిసింది మండుతుంది.

లక్ష్మి_డాలస్
పద్మజ గారూ, మా అత్తయ్యకి తినే ముందు తిమ్మిరెక్కించే జెల్లీ మందు ఇచ్చారు. అది వేసుకుని అన్నం తినొచ్చా?

శ్యామల_డేకేర్
పద్మజ గారి తరఫున నేను చెప్తాను. అది లిడోకెయిన్, చిక్కటి ద్రవంగా వస్తుంది. డాక్టరు చెప్పిన కొలతే వాడాలి, తినడానికి పది నిమిషాల ముందు. నోట్లో పుండ్లే ఉంటే తిప్పి ఉమ్మెయ్యాలి. గొంతు కూడా తిమ్మిరెక్కితే మింగే పట్టు తప్పుతుంది, మెతుకు ఊపిరి గొట్టంలోకి పోయి పొలమారుతుంది. కూర్చోబెట్టి చిన్న చిన్న ముద్దలే పెట్టండి. బుగ్గ కొరుక్కున్నా, నోరు కాలినా తెలియదు. అందుకని వేడి మీరు మీ మణికట్టు మీద చూసి ఇవ్వాలి.

నొప్పికి ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వెయ్యకండి. ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నప్పుడు రక్తం కారుతుంది.

వాసు_తెనాలి
రిపోర్టు వచ్చింది. కణాలు తగ్గాయి గానీ ఆసుపత్రిలో చేరాల్సినంత కాదన్నారు. విరేచనాలు రాత్రికి రెండుకి తగ్గాయి. నీళ్ళు మింగడానికి కూడా ఏడుస్తోంది, అదే భయంగా ఉంది. ఎప్పుడు తీసుకెళ్ళాలి?

శ్యామల_డేకేర్
గ్లాసు పక్కన పెట్టి లెక్క రాయండి. స్ట్రాతో నాలుక వెనక భాగానికి చేర్చి, పుండ్లని తప్పించి, పావుగంటకి రెండు మూడు పెద్ద స్పూన్లు. రోజు మొత్తం మీద లీటరు కూడా దిగకపోతే, ఎనిమిది గంటలు మూత్రం రాకపోతే లేదా టీ రంగులో వస్తే, లేచి నిలబడితే కళ్ళు తిరిగితే, వెంటనే సెలైన్‌కి తీసుకెళ్ళండి. మందులు మింగలేకపోయినా అంతే. జ్వరం గీత ఇంతకుముందే చెప్పాను, 100.4.

రెండో సైకిల్‌కి ముందు డాక్టరుతో ఈ మాటే చెప్పండి: ఆరో రోజు మొదలై ఎన్ని రోజులు అన్నం తినలేదో, నీళ్ళు ఎన్ని రోజులు కష్టమయ్యాయో. "నోరు పూసింది" అంటే వాళ్ళకి తీవ్రత తెలియదు. మందు తగ్గించాలా, వారం ఆపాలా అన్నది దాని మీద తేలుతుంది. పుండ్లు మానక ముందే తర్వాతి మందు ఎక్కించడం సాధారణంగా చెయ్యరు.

వాసు_తెనాలి
రాసిపెట్టుకున్నానండీ. ఒక్క అనుమానం. పంపు నడిచే రెండు రోజులూ ఇంట్లో అప్పుడప్పుడూ ఐసు పెడితే ఏమైనా ఉపయోగమా?

శ్యామల_డేకేర్
46 గంటలు ఆపకుండా ఎవరూ నోరు చల్లగా ఉంచలేరు, అప్పుడప్పుడూ పెడితే లాభం ఉందని చూపిన ఆధారం నేను చూడలేదు. ఆ రెండు రోజులు ఉప్పు సోడా నీళ్ళూ బ్రష్షూ వదలకపోతే చాలు. పుండు రాకముందు మొదలుపెట్టేవి అవే.

పద్మజ_వంటిల్లు
వాసు, పంపు తీశాక మూడో రోజు నుంచే పులగం అలవాటు చెయ్యి బాబూ. నోరు పుండయ్యాక కొత్త రుచి పెడితే నోట్లో పెట్టుకోనివ్వదు.

ఇమ్రాన్_కర్నూలు
వేరే చర్చ మొదలుపెట్టాను శ్యామల గారూ, బెంజిడమిన్ గురించి అక్కడ అడిగాను.